పక్కింటి గ్రిల్స్ షెడ్డు మోత, మా స్థలంలోకి జరిగిన ప్రహరీ గోడ: రెండింటికీ కలిపి ఒకే కేసు వేయొచ్చా?

ఓరుగల్లు_శీను
హన్మకొండలో మాది 200 గజాల ప్లాటు, 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు. తూర్పు పక్కింటాయన గేట్లు, గ్రిల్స్ చేస్తాడు. ఎనిమిదేళ్ల కింద చిన్న పందిరి కింద ఒక వెల్డింగ్ మిషన్‌తో మొదలుపెట్టాడు, అప్పుడు మాకేం ఇబ్బంది లేదు. రెండేళ్ల కింద వానలకు మధ్య గోడ కూలింది. ఆయనే ఖర్చు పెట్టుకుని కొత్తది కట్టించాడు. దాన్ని ఆనించి రేకుల షెడ్డు వేసి, పెద్ద కట్టర్ మిషన్ పెట్టాడు. ఇప్పుడు ఉదయం ఏడు నుంచి, ఆర్డర్లుంటే రాత్రి పదకొండు దాకా ఇనుము కోస్తూనే ఉంటారు. నాన్న రిటైర్డ్ టీచర్, బీపీ ఉంది. పడకగది కిటికీ అటువైపే. కట్టర్ తిరిగితే కిటికీ అద్దాలు గడగడలాడతాయి.

ఈ మధ్య మాకు అనుమానమొచ్చి టేపు పట్టి చూస్తే ముందు వైపు స్థలం 35 అడుగుల 9 అంగుళాలే ఉంది, వెనక 34 అడుగుల 10 అంగుళాలు. అంటే గోడ ఏటవాలుగా మాలోకి వచ్చింది. షెడ్డు రేకుల అంచు కూడా మా వైపు దిగింది, వానపడితే నీళ్లన్నీ మా సందులోనే. స్టేషన్‌కి వెళ్తే సివిల్ మ్యాటర్ అని పంపేశారు. మున్సిపాలిటీలో ఇచ్చిన అర్జీ కదలట్లేదు. ఏం చేయాలి?

కృష్ణాతీరం
స్టేషన్‌లో అలా పంపేయడం తప్పు. స్థలంలోకి వస్తే ట్రెస్‌పాస్, అది క్రిమినల్ కేసు. ఎస్పీ ఆఫీసులో కంప్లయింట్ ఇవ్వండి. మోత సంగతి మాత్రం కష్టం, ఆయన ఎనిమిదేళ్ల నుంచి అక్కడే చేస్తున్నాడు కదా, ముందున్న వాడిదే హక్కు.

కాఫీ_రెండోకప్పు
రాత్రి పదకొండుకు కట్టర్ ఏంటండీ బాబూ. ఆయన పిల్లలు ఎలా నిద్రపోతున్నారు ముందు అది చెప్పండి.

ఓరుగల్లు_శీను
వాళ్లు పై అంతస్తులో, రోడ్డు వైపు గదిలో పడుకుంటారు. ఏసీ వేసుకుని తలుపులు మూసేస్తారు.

సత్తెనపల్లి_రాధ
మాకూ ఇదే గోల. మా పై ఫ్లాట్ వాళ్ల పిల్లలు రోజంతా బంతి కొడతారు, కుర్చీలు జరుపుతారు. అసోసియేషన్ ప్రెసిడెంట్‌కి చెప్తే పిల్లలు కదమ్మా అంటాడు. మీరు ఏదైనా కేసు వేస్తే నాకూ చెప్పండి, నేనూ అదే వేస్తా.

పాత_ప్లీడర్
ముప్పై ఏళ్లు సివిల్ కోర్టుల్లోనే తిరిగాను. శీను గారు అన్నీ ఒకే మూటలో కట్టి అందరికీ ఇస్తున్నారు, అందుకే ఎవరూ పట్టించుకోవట్లేదు. మీ మీద జరుగుతున్నవి రెండు వేర్వేరు తప్పులు.

గోడ మీ హద్దు దాటితే అది ట్రెస్‌పాస్. ఇందులో మీకు నష్టం జరిగిందని చూపించక్కర్లేదు. ఒక్క అంగుళమైనా, ఆ అంగుళంలో మీరు ఏమీ వేసుకోకపోయినా, మీ అనుమతి లేకుండా వచ్చిందంటే చాలు. రేకుల అంచు మీ నేలను తాకకుండా పైన గాలిలో వేలాడినా అదే లెక్క. ఇక్కడ రుజువు చేయాల్సింది ఒకటే: హద్దు ఎక్కడ, గోడ ఎక్కడ.

మోత, అదురు, వాననీళ్లు న్యూసెన్స్ కిందికి వస్తాయి. ఇందులో ఆయన తన స్థలంలోనే తన పని చేసుకుంటున్నాడు, దాని ప్రభావం మీ ఇంట్లోకి వస్తోంది. కాబట్టి కోర్టు వెంటనే తప్పు అనేయదు. ఎంత మోత, ఏ వేళల్లో, ఎన్ని రోజుల నుంచి, ఆ కాలనీ ఎలాంటిది, మామూలు మనిషి దాన్ని భరించగలడా, ఇవన్నీ తూచి చూస్తుంది. గోడకు టేపు కావాలి, మోతకు రికార్డు కావాలి.

కృష్ణాతీరం గారూ, క్రిమినల్ ట్రెస్‌పాస్‌కి నేరం చేయాలనో, బెదిరించి ఇబ్బంది పెట్టాలనో ఉద్దేశం కనిపించాలి. పట్టపగలు మేస్త్రీని పెట్టి కట్టిన గోడ అంగుళాలు జరిగిందంటే ఏ ఎస్సై అయినా సివిల్ అనే అంటాడు. ఆ మాటలో అబద్ధమేం లేదు.

కృష్ణాతీరం
సరే, క్రిమినల్ మాట వదిలేద్దాం. ముందు నుంచి ఉన్నవాడి సంగతేంటి? 20 ఏళ్లయితే హక్కు వస్తుందని మా లాయరు చెప్పాడు.

పాత_ప్లీడర్
20 ఏళ్ల లెక్క, పక్కవాళ్ల స్థలం మీద వాడుక హక్కుల గురించి చెప్పే ఈజ్‌మెంట్ల చట్టంలో ఉంది, నిజమే. కానీ ఆ లెక్క షాపు పెట్టిన రోజు నుంచి మొదలవదు. మోత పక్కవాళ్లకు భరించరాని స్థాయికి చేరిన రోజు నుంచి మొదలవుతుంది. దీని మీద 1879లో ఇంగ్లండులో తేలిన స్టర్జెస్ వర్సెస్ బ్రిడ్జ్‌మన్ కేసును మన కోర్టుల్లో ఇప్పటికీ చూపిస్తారు. లండన్‌లో ఒక మిఠాయి వ్యాపారి వంటింట్లో పెద్ద రోళ్లు పెట్టి 20 ఏళ్లకు పైగా దంచుతున్నాడు. పక్కింటి డాక్టరు తన తోట చివర ఆ గోడకు ఆనించి పేషెంట్లను చూసే గది కట్టుకున్నాకే ఆ చప్పుడు సమస్య అయింది. నేను ముందు నుంచీ ఉన్నాను అన్న వాదన నిలబడలేదు. గది కట్టకముందు డాక్టరుకు ఇబ్బందే లేదు కాబట్టి అన్నేళ్లూ లెక్కలోకి రాలేదు.

శీను గారి విషయంలో అయితే పెద్ద కట్టర్ వచ్చి రెండేళ్లే. పందిరి కింద చేసిన ఆరేళ్ల పని వేరు.

డల్లాస్_మూర్తి
మా నాన్నగారి స్థలం ఖమ్మంలో ఉంది. పక్కాయన ఇలాగే గోడ జరిపాడు. నేను ఇక్కడి నుంచి ఏం చేయగలను అని ఊరుకున్నాను. 12 ఏళ్లయితే స్థలం వాళ్లదైపోతుందంటున్నారు, నిజమేనా? టెన్షన్‌గా ఉంది.

పాత_ప్లీడర్
గోడ కట్టి 12 ఏళ్లు గడిచి, అంతకాలమూ అది నాదే అని అందరికీ తెలిసేలా, ఎవరి అనుమతీ లేకుండా వాడుకుని ఉంటే ఆ వాదన ఎత్తుతారు. రుజువు చేయాల్సిన బరువు వాళ్ల మీదే. మీ గోడ ఎప్పుడు కట్టారో తేదీ చూసుకోండి. ఇంకా టైముంటే ఊరికే కూర్చోకుండా మీ ఊరి వకీలుతో నోటీసు ఇప్పించి, దావా వేయండి. ఒట్టి నోటీసుతో 12 ఏళ్ల గడియారం ఆగదు.

గొలుసు_సర్వేయర్
శీను గారూ, కోర్టు సంగతి తర్వాత. మీ కొలత ఇంకా కొలత కాదు. మీరు గోడ లోపలి ముఖం నుంచి కొలిచారు. ఆ గోడ మందం ఎంత? పాత గోడ ఎవరిది? పడమర పక్క మీ గోడ ఎవరు కట్టారు?

ఓరుగల్లు_శీను
కొత్త గోడ 9 అంగుళాలు. పడమర గోడ పూర్తిగా మాదే, మా స్థలంలోనే కట్టాం, దాని బయటి ముఖం నుంచే టేపు పెట్టాను. తూర్పున పాత గోడకి ఇటుకల డబ్బులు రెండు ఇళ్ల వాళ్లూ సగం సగం పెట్టారని అమ్మ అంటోంది. కాగితం లేదు.

గొలుసు_సర్వేయర్
అదే అడుగుతున్నా. అది ఉమ్మడి గోడ అయితే హద్దు గోడ మధ్యలో ఉంటుంది. అంటే నాలుగున్నర అంగుళాలు మీ స్థలంలో ఉండాల్సినవే. లోపలి ముఖం వరకు కొలిస్తే మీకు 35 అడుగుల ఏడున్నర అంగుళాలు రావాలి. ముందు వైపు 35 అడుగుల 9 వచ్చింది. అంటే అక్కడ ఆక్రమణే లేదు, పైగా గోడ ఒకటిన్నర అంగుళం ఆయన వైపే ఉంది. వెనక 14 అంగుళాల తేడాలో నాలుగున్నర తీసేస్తే తొమ్మిదిన్నర అంగుళాలు నిజంగా లోపలికి వచ్చినట్టు. ముందు మూలకు కాస్త వెనక మొదలై వెనక్కి వెడల్పయ్యే త్రికోణం అది. మొత్తం కలిపితే రెండు గజాలకు కాస్త తక్కువ.

గోడ పూర్తిగా ఆయన సొంతం అని తేలితే మాత్రం మొత్తం మందం ఆయన స్థలంలోనే ఉండాలి. అప్పుడు ముందు 3 అంగుళాలు, వెనక 14 అంగుళాలు, దాదాపు 4 గజాలు పోయినట్టు. చూశారా, ఎవరి గోడ అన్న ఒక్క మాట మీద లెక్క రెండింతలు మారుతోంది.

కాఫీ_రెండోకప్పు
అమ్మ గుర్తుంచుకుంది కాబట్టి సరిపోయింది. మా ఇంట్లో అయితే ఇటుకలు ఎవరు కొన్నారో అనే దాని మీదే ముందు ఇంట్లో యుద్ధం జరిగేది.

గొలుసు_సర్వేయర్
ఇంకో మాట. మీ ఒక్క ప్లాటే కొలిచి పక్కాయన జరిపాడు అనకండి. లేఅవుట్లలో తరచూ జరిగేది ఏంటంటే, కాగితం మీద వరుసలో ఎనిమిది ప్లాట్లు 36 అడుగులు చొప్పున గీస్తారు, నేల మీద రోడ్డు నుంచి రోడ్డుకి రెండు మూడు అడుగులు తక్కువ వస్తుంది. చివర కొన్నవాడికి ఆ తరుగు పడుతుంది, వాడు పక్కవాడి మీద పడతాడు. కాబట్టి మీ వరుస మొత్తం, రెండు చివర్ల రోడ్డు రాళ్ల నుంచి కొలిపించండి. మీ దస్తావేజు, ఆయన దస్తావేజు, లేఅవుట్ ప్లాను మూడూ ఎదురుగా పెట్టుకోవాలి. ఆయన స్థలం వెడల్పు కూడా కొలవాలి. ఆయనకు వెనక 36 కంటే ఎక్కువ వస్తే మీ మాట బలపడుతుంది. ఆయనకీ తక్కువే వస్తే తేడా ఇంకెక్కడో ఉంది.

కృష్ణాతీరం
మీసేవలో ఎఫ్-లైన్ పిటిషన్ పెడితే ప్రభుత్వ సర్వేయరే వచ్చి హద్దు చూపిస్తాడు కదా? ప్రైవేటు వాళ్లకి డబ్బులెందుకు?

గొలుసు_సర్వేయర్
ఎఫ్-లైన్ సర్వే నంబరు హద్దులకు, సబ్‌డివిజన్ హద్దులకు పనికొస్తుంది. ఒక సర్వే నంబరులో వేసిన లేఅవుట్‌లో లోపలి ప్లాట్ల హద్దులు రెవెన్యూ పటంలో ఉండవు. అక్కడ లేఅవుట్ ప్లాను, దస్తావేజు కొలతలే ఆధారం. పిటిషన్ పెడితే తప్పేం లేదు, కానీ దాంతోనే తేలుతుందనుకోవద్దు.

పాత_ప్లీడర్
సర్వేయర్ గారి లెక్క చాలా అవసరమైంది. దీని మీదే దావా ఎలాంటిది వేయాలో తేలుతుంది. వరంగల్ స్థలాల గొడవ మీదే 2008లో సుప్రీంకోర్టు ఇచ్చిన అనాతుల సుధాకర్ తీర్పు ఉంది, మన దగ్గర ప్రతి సివిల్ వకీలుకూ తెలుసు. స్థలం మీ చేతిలోనే ఉండి, హక్కు మీద నిజమైన వివాదం లేకపోతే ఒట్టి ఇంజంక్షన్ అడిగితే చాలు. హక్కు మీదే గట్టి వివాదం లేస్తే మాత్రం హక్కు ప్రకటన కూడా అడగాలి. స్థలం చేయి దాటిపోతే స్వాధీనమూ అడగాలి.

మీ రెండు గజాలు ఇప్పుడు గోడకి అవతల ఉన్నాయి. అంటే ఇంకా లోపలికి రావద్దు అని ఇంజంక్షన్ తెచ్చుకుంటే మీకు ఒరిగేదేం లేదు. గోడ తీయించి ఆ ముక్క అప్పగించమని అడగాలి. ఆయన లిఖితపూర్వకంగా ఆ ముక్క నాదే అంటే హక్కు ప్రకటనా అడగాలి. చాలామంది చౌకగా అవుతుందని ఒట్టి ఇంజంక్షన్ వేసి, ఏళ్ల తర్వాత దావా కొట్టేస్తే ఏడుస్తారు.

గోడ కట్టి రెండేళ్లయింది కాబట్టి మూడో ఏడు నిండకముందే వేయండి. గోడ తీయించే ఆర్డరుకు మూడేళ్లే గడువు అని అవతలి వకీలు తప్పకుండా ఎత్తుతాడు. ముందే వేస్తే ఆ వాదనే రాదు. మోతకు ఆ భయం లేదు. రోజూ జరుగుతున్న తప్పు కాబట్టి గడువు రోజూ కొత్తగా మొదలవుతుంది.

వెల్డర్_బాబ్జీ
నేను కాకినాడలో ఇదే పని చేస్తాను, పద్దెనిమిదేళ్లుగా. అందరూ షెడ్డు వాడిని దొంగలా చూస్తున్నారు కాబట్టి రాస్తున్నా. వెల్డింగులో పెద్ద చప్పుడు లేదు, ఆ వెలుగే ఇబ్బంది. మోతంతా రెండిట్లోనే వస్తుంది. ఒకటి 14 అంగుళాల చక్రం ఉన్న కట్టర్, రెండోది ఫ్రేము వంకర తీయడానికి సుత్తితో కొట్టడం. కిటికీ అద్దాలు ఊగుతున్నాయంటే కట్టర్ స్టాండు నేలకు బోల్టులతో బిగించి ఉంటుంది, ఆ ఇనుప పైపుల ర్యాకు గోడకు తగిలి ఉంటుంది. షెడ్డు దూలాల చివర్లు గోడలోకి దించారా చూడండి.

ఓరుగల్లు_శీను
ఇప్పుడే డాబా ఎక్కి చూశాను. నాలుగు దూలాల చివర్లు గోడలోకి దించి సిమెంట్ చేశారు. ఒక దాని బోల్టు మా వైపుకి పొడుచుకొచ్చింది. దాని చుట్టూ వెంట్రుకవాసి పగులు, ప్లాస్టరు మీద తుప్పు మరక దిగింది.

వెల్డర్_బాబ్జీ
అదే మరి. మోత గాల్లోంచి కొంత, గోడలోంచి ఎక్కువ వస్తోంది మీకు. షెడ్డును గోడ నుంచి విడదీసి సొంత స్తంభాల మీద నిలబెట్టి, కట్టర్ కింద దళసరి రబ్బరు షీటు వేసి, దాన్ని అవతలి మూలకు జరిపితే మీకు సగం కష్టం తీరుతుంది. ఇందులో పెద్ద ఖర్చేం లేదు. స్తంభాలకు ఇనుము ఆయన దగ్గరే ఉంది కదా. రాత్రి పది తర్వాత కోయడం మాత్రం ఎవరు చేసినా తప్పే, నేను మా కుర్రాళ్లను ఏడున్నరకే ఆపేయమంటాను.

పాత_ప్లీడర్
ఆ బోల్టును దగ్గరగా ఫొటో తీయండి, పక్కన స్కేలు పెట్టి. ఉమ్మడి గోడ అయినా సరే, ఒకరు రెండోవారిని అడక్కుండా దాని మీద బరువు వేసి పగలగొట్టే హక్కు లేదు.

కృష్ణాతీరం
ఇన్ని చేసే బదులు ఒక పెద్ద స్పీకరు కొని ఆ గోడ వైపు తిప్పి ఉదయం అయిదింటికి పెట్టండి. వారంలో దారికొస్తాడు.

పాత_ప్లీడర్
దయచేసి ఆ పని మాత్రం చేయొద్దు. దీని మీదా పాత కేసుంది, 1893, క్రిస్టీ వర్సెస్ డేవీ. పక్కింటి సంగీతం పాఠాలు నచ్చక ఒకాయన పళ్లేలు వాయించి, ఈలలు వేసి, గోడ బాది కక్ష తీర్చుకున్నాడు. చివరికి ఇంజంక్షన్ పడింది ఆయన మీదే. కావాలని, పగతో చేసిన చప్పుడును కోర్టు మామూలు చప్పుడులా చూడదు. గోడను మీరే పగలగొట్టించడమూ అంతే. న్యాయం మీ వైపు ఉన్నా, మర్నాటికి ముద్దాయి మీరే అవుతారు.

సత్తెనపల్లి_రాధ
నేను చీపురు కర్రతో పైకప్పు కొడుతున్నాను రోజూ. ఆపేయాలా?

కాఫీ_రెండోకప్పు
రాధ గారూ, ముందు చీపురు కింద పెట్టండి.

ఓరుగల్లు_శీను
ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టాను. పడకగదిలో 78 చూపిస్తోంది. ఇది చాలా?

పాత_ప్లీడర్
అంత చూపిస్తోందని మీ డైరీలో రాసుకోండి కానీ దాని మీద నిలబడొద్దు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 అని ఉంది. ఆ పరిమితి కంటే 10 డెసిబెల్స్ పైన ఉంటే, లేదా రాత్రి ఆంక్షలను మీరితే అధికారికి ఫిర్యాదు చేయొచ్చు. కమిషనరేట్ ఉన్న చోట పోలీసు కమిషనరు, లేని చోట కలెక్టరు, డీఎస్పీ స్థాయి అధికారి. రాత్రి పదకొండు కట్టర్‌కి ఇదే తొందరగా పనిచేసే దారి. దీన్ని గోడతో కలపకుండా విడిగా, తేదీలు, వేళలతో రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. అప్పుడు సివిల్ అని పంపేయలేరు.

సివిల్ కోర్టులో న్యూసెన్స్ తేల్చడానికి డెసిబెల్ అంకె ఒక్కటే కొలత కాదు. అలహాబాద్ హైకోర్టు 1978లో రాధేశ్యామ్ వర్సెస్ గురుప్రసాద్ కేసులో ఇంటి కింది భాగంలో పెట్టిన పిండిమిల్లును ఆపించింది. ఆ చోటు ముందే సందడిగా ఉన్నా, కొత్త మిషన్ దాన్ని చెప్పుకోదగ్గంతగా పెంచితే తప్పే అంది. మీకు కావాల్సింది: రోజువారీ డైరీ, గడియారం కనిపించేలా వీడియోలు, మీ నాన్నగారి డాక్టరు చీటీలు, ఎదురింటివాళ్లు సాక్ష్యం చెప్తారా అన్నది. నాన్నగారి బీపీ ఒక్కదాన్నే ముందు పెట్టకండి. మామూలు ఆరోగ్యవంతుడికీ భరించలేనిదే అని చూపించాలి, లేకపోతే మీ ఇంట్లో జబ్బు మనిషి ఉన్నాడు కాబట్టే ఇబ్బంది అంటారు.

కృష్ణాతీరం
కాలనీలో పదిమంది సంతకాలు పెడితే ఆర్డీవో దగ్గర సీఆర్‌పీసీ 133 సెక్షన్ కింద వేయొచ్చు. మా ఊళ్లో మరమరాల మిల్లును అలాగే ఆపించారు.

పాత_ప్లీడర్
ఈసారి మీ మాటే సరైనది. ఇప్పుడు అది సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 152 అయింది. కాకపోతే పదిమందికీ నిజంగా ఇబ్బంది ఉండాలి. శీను గారి ఒక్క ఇంటికే అయితే ఆర్డీవో తీసుకోడు, తీసుకోకూడదు కూడా.

ఓరుగల్లు_శీను
వెనకింటి వాళ్లు, ఎదురింటి వాళ్లు సంతకం చేస్తామన్నారు. మిగతావాళ్లు మొహమాటపడుతున్నారు, వాళ్ల గేట్లు ఆయనే చేశాడు. మోత, గోడ కలిపి ఒకే దావా వేయాలా, రెండా?

పాత_ప్లీడర్
నేనైతే ఒక్కటే వేస్తాను. అదే షెడ్డు, అదే గోడ, అవే పార్టీలు. గోడ కొలతకు కోర్టు తన తరఫున స్థలం చూసి రిపోర్టు ఇచ్చే అడ్వొకేట్ కమిషనర్‌ను పంపితే సర్వేయర్‌తో పాటు వచ్చి దూలాలు, పగులు, రేకుల అంచు కూడా ఒకేసారి నమోదు చేస్తాడు.

గొలుసు_సర్వేయర్
నేను ఒప్పుకోను. కమిషనర్ల వెంట కొలతలకు వెళ్లిన అనుభవంతో చెప్తున్నా, గోడ హద్దు మీద వాదన ఏళ్లు పడుతుంది. అందులో మోతను కలిపితే ఆ మోత కూడా అన్నేళ్లూ నడుస్తుంది. మోతకు విడిగా వేసి తాత్కాలిక ఇంజంక్షన్ ముందు తెచ్చుకోవాలి.

పాత_ప్లీడర్
తాత్కాలిక ఇంజంక్షన్ కలిపి వేసిన దావాలోనూ అడగొచ్చు. అయినా మీరన్న ఆలస్యం నిజమే, దీనికి ఒకే జవాబు లేదు. మీ వకీలు ఆ కోర్టును చూసి నిర్ణయిస్తాడు. ఇంకోటి కూడా మనసులో పెట్టుకోండి శీను గారూ. రెండు గజాల కోసం గోడంతా కూల్చమని కోర్టు ఆర్డరు ఇస్తుందన్న గ్యారంటీ లేదు. ఆయన కట్టేటప్పుడు మీరు చూస్తూ ఊరుకున్నారని తేలితే, కూల్చే బదులు నష్టపరిహారం ఇప్పించే అవకాశమూ ఉంది. మోత విషయంలోనూ షెడ్డు మొత్తం మూయించరు, వేళలు పెట్టి, మిషన్ జరపమని చెప్పడమే ఎక్కువ.

వెల్డర్_బాబ్జీ
అలాంటప్పుడు దావాకి ముందు లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టండి. మా కేసు అక్కడే తెగింది. నేను కట్టర్ జరిపాను, వాళ్లు కంప్లయింట్ వెనక్కి తీసుకున్నారు. కాగితం మీద రాయించుకోవడం ముఖ్యం, నోటి మాట ఆర్డర్లు పెరిగినప్పుడు గుర్తుండదు.

పాత_ప్లీడర్
మంచి మాట. దావా వేయకముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టొచ్చు, కోర్టు ఫీజు లేదు. అక్కడ రాజీ కుదిరితే ఆ అవార్డుకు కోర్టు డిక్రీకి ఉన్నంత విలువ ఉంది. తప్పితే నేరుగా అమలుకు వెళ్లొచ్చు. కానీ ఆయన రాకపోతే అక్కడ బలవంతం లేదు. ఆ లోపు మూడేళ్ల గడువు దాటనివ్వకండి.

ఓరుగల్లు_శీను
అప్‌డేట్. రాత్రి మోత మీద కమిషనరేట్‌లో విడిగా ఇచ్చిన కాగితం పనిచేసింది. ఎస్సై వచ్చి చెప్పాక తొమ్మిది దాటితే కోయట్లేదు. బాబ్జీ గారు చెప్పిన రబ్బరు షీటు సంగతి నేనే వెళ్లి చెప్పాను, వేశాడు, అద్దాల చప్పుడు తగ్గింది. దూలాలు తీయడానికి మాత్రం ఒప్పుకోవట్లేదు. వరుసంతా కొలిపించాం. ఆయనకి వెనక వైపు 36 అడుగుల 8 అంగుళాలు వచ్చింది.

గొలుసు_సర్వేయర్
ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారు? మీ గోడ మధ్య నుంచా, లోపలి ముఖం నుంచా? ఆయన తూర్పు హద్దు రాయి పాతదేనా?

ఓరుగల్లు_శీను
గోడ మధ్య నుంచే. తూర్పు రాయి మాత్రం కనిపించలేదు, అక్కడ ఆయన సెప్టిక్ ట్యాంకు కట్టాడు. కంచె వరకు కొలిచారు.

గొలుసు_సర్వేయర్
అయితే మీకు తొమ్మిదిన్నర పోయింది, ఆయన దగ్గర ఎనిమిదే తేలింది. ఆ కంచె సరైన చోట ఉందో లేదో తెలిస్తేనే మిగతా ఒకటిన్నర అంగుళం సంగతి చెప్పగలం. అవతలి ప్లాటు వాళ్ల దస్తావేజు కాపీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీసుకోండి.

పాత_ప్లీడర్
నకలు వచ్చాక నోటీసు పంపండి. నోటీసులో అంగుళాలు ఖరారుగా వేయొద్దు, సర్వేలో తేలినంత మేర అని రాయించండి. జవాబులో ఆయన ఉమ్మడి గోడ అంటాడా, సొంత గోడ అంటాడా చూద్దాం. సొంత గోడ అంటే 14 అంగుళాలకు ఆయనే దారి తీసినట్టు.

సత్తెనపల్లి_రాధ
ఇంతకీ నా పై ఫ్లాట్ బంతి సంగతి ఎవరూ చెప్పలేదు.

పాత_ప్లీడర్
అమ్మా, పిల్లలు పగటిపూట ఇంట్లో ఆడుకునే చప్పుడు మామూలు కాపురంలో భాగమే, దాన్ని న్యూసెన్స్ అనిపించడం చాలా కష్టం. రాత్రి వేళ ఎన్ని గంటల దాకా ఉంటోంది, ఏ గదిలో, అన్నది వేరే చర్చగా పెట్టండి, అక్కడ మాట్లాడదాం.